గుంపులు రెండా, మూడా?

ఎడ్గార్ ఆండర్సన్ సేకరించిన 150 ఐరిస్ పూల కొలతలను రొనాల్డ్ ఫిషర్ 1936లో తన వ్యాసంలో వాడారు. పూలు మూడు జాతులవి, జాతికి 50. ఒక్కో పువ్వుకు నాలుగు కొలతలు: రక్షక పత్రాల పొడవు, వెడల్పు, ఆకర్షణ పత్రాల పొడవు, వెడల్పు. జాతి పేర్లు దాచేసి, ఈ కొలతలతోనే పూలను గుంపులు చెయ్యమనడం మెషిన్ లెర్నింగ్ విద్యార్థులకు తరచూ ఇచ్చే అసైన్‌మెంట్. రెడీమేడ్ లైబ్రరీ వాడకూడదు, నంపై ఒక్కటే.

కె-మీన్స్ పద్ధతిలో ముందుగా k పూలను యాదృచ్ఛికంగా ఎంచుకుని కేంద్రాలుగా పెడతారు. ఆ తర్వాత ఈ మూడు వరుసలే మళ్లీ మళ్లీ నడుస్తాయి:

```python
d = ((X[:, None] - C)**2).sum(axis=2)
labels = d.argmin(axis=1)
C = np.array([X[labels == j].mean(axis=0) for j in range(k)])
```

మొదటి వరుస ప్రతి పువ్వుకూ ప్రతి కేంద్రానికీ మధ్య దూరపు వర్గాన్ని లెక్కిస్తుంది. రెండోది పువ్వును దగ్గరి కేంద్రానికి అప్పగిస్తుంది. మూడోది ప్రతి కేంద్రాన్నీ తన గుంపు సగటు దగ్గరికి జరుపుతుంది. కేంద్రాలు ఇక కదలనప్పుడు ఆపేస్తారు. ఏ గుంపైనా ఖాళీ అయితే సగటు `nan` అవుతుంది, అప్పుడు ఆ కేంద్రాన్ని మరో పువ్వు దగ్గర పెట్టాలి.

ఫలితం మొదట ఎంచుకున్న పూలను బట్టి మారుతుంది. ప్రతి పువ్వుకూ తన కేంద్రానికీ ఉన్న దూరపు వర్గాలన్నీ కూడితే, మూడు గుంపులకు మంచి జవాబు 78.85. ఆరంభం సరిగా పడకపోతే 142.75 దగ్గర ఆగిపోవచ్చు. అందుకే చాలాసార్లు కొత్తగా మొదలుపెట్టి, తక్కువ మొత్తం వచ్చినదాన్ని ఉంచుకుంటారు.

మరి k ఎంత ఉండాలి? ఆ మొత్తాన్నే అడిగితే లాభం లేదు, గుంపులు పెంచేకొద్దీ అది తగ్గుతూనే ఉంటుంది. ఒకే గుంపైతే 681.37, రెండైతే 152.35, మూడైతే 78.85, నాలుగైతే సుమారు 57. గ్రాఫ్ గీస్తే రెండు దగ్గర మోచేయిలా గట్టిగా వంగుతుంది, మూడు దగ్గర కాస్త వంగుతుంది. ఇక్కడే విద్యార్థులు తడబడతారు.

రెండో సాక్ష్యం సిల్హౌట్ స్కోరు. పువ్వు తన గుంపులోని పూలకు ఎంత దగ్గరగా, పక్క గుంపు పూలకు ఎంత దూరంగా ఉందో ఇది కొలుస్తుంది. 1కి దగ్గరైతే గుంపులు విడివిడిగా ఉన్నట్టు, 0కి దగ్గరైతే సరిహద్దులో ఉన్నట్టు. రెండు గుంపులకు సగటు 0.68, మూడింటికి 0.55. అంటే ఈ కొలత రెండే చాలంటోంది.

దాచిన పేర్లు బయటికి తీస్తే కారణం తెలుస్తుంది. k మూడైనప్పుడు సెటోసా పూలు 50 ఒకే గుంపుగా విడిపోతాయి. మిగిలిన రెండు గుంపుల్లో 62, 38 పూలుంటాయి. 62లో 48 వెర్సికలర్, 14 వర్జినికా. 38లో 36 వర్జినికా, 2 వెర్సికలర్. ఈ రెండు జాతుల కొలతలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయాయి కాబట్టి, పేర్లు చూడని కొలబద్దకు అవి ఒకే గుంపుగా కనిపిస్తాయి.

కాబట్టి రిపోర్టులో గ్రాఫ్ ఒక్కటే అతికించి 'k = 3' అని రాస్తే సరిపోదు. కొలతలు మాత్రమే చూస్తే రెండు గుంపులకే బలం ఎక్కువ. మూడు అనడానికి ఆధారం పూల జాతుల గురించి ముందే తెలిసిన సంగతి. ఆ తేడా రాసి, 62, 38 గుంపుల్లో ఏయే పూలు కలిశాయో పట్టికగా చూపిస్తే, మూల్యాంకనం చేసేవారు k ఎంపికను సరిచూసుకోగలుగుతారు.