కొండ ఎత్తు, పసిబిడ్డ పొడవు

బొలీవియాలో లా పాజ్ నగరం ఆండీస్ పర్వతాల మీద, సముద్ర మట్టానికి దాదాపు 3,600 మీటర్ల ఎత్తున ఉంటుంది. అదే దేశంలోని శాంతా క్రూజ్ నగరం తూర్పున పల్లపు నేలలో, 400 మీటర్ల ఎత్తున ఉంది. డీనో జుస్సానీ అనే శాస్త్రవేత్త బృందం ఈ రెండు ఊళ్ల ఆసుపత్రి రికార్డులు తిరగేసి, 2001లో ఒక పరిశోధన ప్రచురించింది. వాళ్లు కలిగిన కుటుంబాల కాన్పులను కలిగిన కుటుంబాల కాన్పులతో, పేద కుటుంబాల కాన్పులను పేద కుటుంబాల కాన్పులతో పోల్చారు. రెండు జతల్లోనూ లా పాజ్ బిడ్డలే తక్కువ బరువుతో పుట్టారు. తల్లికి మంచి తిండి, మంచి వైద్యం అందిన ఇళ్లలో కూడా కొండ తన వాటా తాను తీసుకుంటూనే ఉందన్నమాట.

ఆ వాటా సుమారుగా ఎంతో కూడా తెలుసు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే పుట్టిన బిడ్డ బరువు సగటున వంద గ్రాములు తగ్గుతుంది. బరువుతో పాటు పొడవూ తగ్గుతుంది. మామూలుగా నెలలు నిండి పుట్టిన బిడ్డ 50 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. కొండల మీద ఆ కొలత కొంచెం కిందికి జరుగుతుంది. పసికందును పడుకోబెట్టి కొలిచేటప్పుడు మోకాళ్లు వంగినా, తల పలకకు ఆనకపోయినా అంతకంటే ఎక్కువ తేడా వచ్చేస్తుంది. అందుకే ఈ కొలతకు ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు తల కదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు కాళ్లు చాపి పాదాల దగ్గర పలక జరపాలి. అలా జాగ్రత్తగా కొలిచిన అంకెలు వేలల్లో పోగైతేనే కొండ ప్రభావం బయటపడుతుంది.

కారణం గాలి. కొండ మీద గాలిలోనూ ఆక్సిజన్ 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. లా పాజ్‌లో అది సముద్ర తీరంలో ఉన్నదానికంటే మూడో వంతుకు పైగా తక్కువ. ఒక్కో శ్వాసకూ లోపలికి వెళ్లే ఆక్సిజన్ ఆ మేరకు తగ్గిపోతుంది. తల్లి శరీరం ఊరుకోదు. ఆమె ఊపిరి వేగం పెరుగుతుంది, రక్తంలో హిమోగ్లోబిన్ పెరుగుతుంది. అయితే కడుపులో బిడ్డకు అందేది తల్లి పీల్చిన గాలి ఒక్కదాని మీదే ఆధారపడదు. గర్భాశయానికి రక్తం తెచ్చే ధమని గర్భం పెరిగే కొద్దీ వెడల్పు కావాలి. అప్పుడే మాయకు రక్తం మునుపటి కంటే ఎన్నో రెట్లు చేరుతుంది. పల్లపు ప్రాంతాల నుంచి ఎత్తుకు వచ్చి స్థిరపడిన తల్లుల్లో ఈ ధమని కావలసినంతగా విప్పారదు. బిడ్డ ఎదుగుదల ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, అంటే అవసరం ఎక్కువగా ఉన్నప్పుడే, మందగిస్తుంది.

తరతరాలుగా కొండల మీదే ఉన్నవాళ్లలో పరిస్థితి కొంత మెరుగు. లా పాజ్‌లో ఆండీస్ మూలవాసుల సంతతి తల్లులకు, యూరోపియన్ సంతతి తల్లుల కంటే ఆ ధమనిలో రక్త ప్రవాహం ఎక్కువ, బిడ్డలూ బరువుగా పుడతారు. లాసాలో టిబెటన్ బిడ్డలు, మైదానాల నుంచి వచ్చిన హాన్ చైనీయుల బిడ్డల కంటే బరువుగా ఉంటారు. వేల ఏళ్ల నివాసం వాళ్ల జన్యువుల్లో దిగింది. కానీ ఆ రక్షణ సంపూర్ణం కాదు.

పుట్టిన తర్వాత ఏమవుతుంది? నేపాల్‌లో ఎత్తైన కొండల్లో ఉన్నవాళ్లనూ, అదే టిబెటన్ మూలాలుండి పల్లానికి దిగివచ్చిన వాళ్లనూ పోల్చి 2018లో ఒక అధ్యయనం వెలువడింది. పై చేతి పొడవు, అరచేతి పొడవు ఇద్దరిలోనూ దాదాపు ఒకేలా ఉన్నాయి. ముంజేయి మాత్రం కొండవాళ్లలో పొట్టిగా ఉంది. పెరూ పిల్లల్లోనూ ముంజేయి, మోకాలి కింది ఎముక ఇలాగే ఎక్కువ నష్టపోయాయి. వనరులు చాలనప్పుడు శరీరం ముందు అరచేతిని, పాదాన్ని కాపాడుకుంటుందని పరిశోధకులు అంటున్నారు. పట్టుకోవడానికీ నిలబడడానికీ కావలసినవి అవే కదా! ఇందులో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించిన సంగతి ఇదే. పొట్టితనం ఒళ్లంతా సమానంగా పరుచుకోదు.

ఇక ఈ పిల్లలను ఏ కొలబద్దతో కొలవాలన్నది అసలు చిక్కు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల పట్టికలు ఢిల్లీ, ఆక్రా, మస్కట్, ఓస్లో వంటి ఆరు చోట్ల పిల్లలను కొలిచి తయారుచేసినవి. 1,500 మీటర్లు దాటిన ఎత్తున ఉండే పిల్లలను అందులో చేర్చుకోలేదు. రక్తహీనతను లెక్కించేటప్పుడు ఎత్తును బట్టి హిమోగ్లోబిన్ హద్దు మారుస్తారు. పొడవు విషయంలో అలాంటి సవరణ లేదు. అడిస్ అబాబా విశ్వవిద్యాలయానికి చెందిన కలేబ్ బాయే, మరో పరిశోధకుడు కాలె హిర్వొనెన్ కలిసి 59 దేశాల్లోని 9 లక్షల 60 వేలకు పైగా పిల్లల కొలతలు పరిశీలించి 2020లో ఫలితాలు వెల్లడించారు. మంచి ఇంటి వాతావరణంలో పెరిగిన పిల్లలు కూడా సుమారు 500 మీటర్ల వరకే పట్టిక చెప్పినట్టు ఎదిగారు. ఆపైన ప్రతి వెయ్యి మీటర్లకూ పొడవు కొలమానంలో సగటున 0.16 మెట్టు తగ్గింది. రెండేళ్ల వయసులో ఒక మెట్టంటే దాదాపు మూడు సెంటీమీటర్లు.

ఈ లెక్కను లేహ్‌కు వర్తింపజేసి చూద్దాం. ఆ ఊరు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ ఎత్తు వల్ల పోయేది సుమారు అర మెట్టు, అంటే రెండేళ్ల పిల్లవాడికి రెండు సెంటీమీటర్ల లోపే. పట్టిక ప్రకారం ఆ వయసు మగపిల్లవాడి సగటు ఎత్తు 87 సెంటీమీటర్లు. 81 కంటే తక్కువుంటే గిడసబారినట్టు లెక్క. లేహ్ పిల్లవాడు 80 ఉన్నాడనుకోండి. లోటు ఏడు సెంటీమీటర్లు. అందులో కొండ మీద వేయగలిగింది రెండే. మిగతా అయిదింటికి తిండి, విరేచనాలు, తల్లి ఆరోగ్యం, తల్లిదండ్రుల ఎత్తు వెతికి చూడాలి. ఇది సగటు మాత్రమే కాబట్టి ఒక్క బిడ్డకు దీన్నే తీర్పుగా పెట్టకూడదు. నెలనెలా కొలిచిన చుక్కలను కలిపి చూడాలి. గీత పట్టిక గీతకు కింద ఉన్నా సమాంతరంగా సాగుతుంటే ఒక రకం. అది నానాటికీ కిందికి వాలుతుంటే ఆ బిడ్డకు ఇంకేదో లోపం ఉంది. దాన్ని వెంటనే వెతకాలి.

మన దేశపు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కొలతలతో 2024లో వచ్చిన విశ్లేషణ కూడా ఈ దిశలోనే ఉంది. 2,000 మీటర్లకు పైన ఉండే అయిదేళ్ల లోపు పిల్లల్లో, 1,000 మీటర్ల లోపు ఉండేవాళ్లకంటే గిడసబారే అవకాశం 40 శాతం ఎక్కువగా కనిపించింది. అయితే కొండ ఊళ్లలో ఎత్తుతో పాటు చలి, కొద్దిపాటి పంటలు, ఆసుపత్రికి దూరం కూడా ఉంటాయి. ఆ 40 శాతాన్నీ పలచటి గాలి ఖాతాలో వేయలేం.

మన దగ్గర ఈ లెక్క ఎంతవరకు పనికొస్తుంది? అరకు, లంబసింగి వెయ్యి మీటర్లకు అటూ ఇటూగా ఉన్నాయి. అంత ఎత్తు వల్ల రెండేళ్ల బిడ్డకు తగ్గేది సుమారు పావు సెంటీమీటరు. మన్యంలోని అంగన్‌వాడీలో ఒక బిడ్డ పట్టిక కంటే అయిదారు సెంటీమీటర్లు పొట్టిగా తేలితే, అది కొండ చేసిన పని కాదు.