అవతలి సర్వీసు పడిపోయినప్పుడు క్యూలోని పనులు ఏమవుతాయి?

ఆన్‌లైన్‌లో బస్సు టికెట్ కొంటే డబ్బు కట్టిన మరుక్షణం తెర మీద టికెట్ ఖరారైందని కనిపిస్తుంది. ఫోనుకి రావాల్సిన ఎస్సెమ్మెస్ మాత్రం ఇంకో రెండు మూడు సెకన్లకి వస్తుంది. ఎస్సెమ్మెస్ పంపే పనిని వెబ్‌సైటు తను చెయ్యదు. ‘ఫలానా నంబరుకి ఈ టికెట్ వివరాలు పంపాలి’ అని ఒక చీటీ రాసి క్యూలో వేసి, మన ముందున్న పేజీని పూర్తిచేస్తుంది. వెనకాల వర్కర్లు అనే చిన్న ప్రోగ్రాములు ఆ క్యూలోంచి ఒక్కో చీటీ తీసి ఎస్సెమ్మెస్ గేట్‌వేకి అందిస్తాయి. ఆ గేట్‌వే వేరే కంపెనీది. అది ఎప్పుడు పనిచేస్తుందో, ఎప్పుడు పడిపోతుందో టికెట్లు అమ్మేవాళ్ల చేతిలో ఉండదు.

అది 40 నిమిషాలు పడిపోయిందనుకుందాం. లెక్క సులువుగా ఉండటానికి సెకనుకి 5 టికెట్లు అమ్ముడవుతున్నాయనీ, నాలుగు వర్కర్లు ఉన్నాయనీ, మామూలు రోజుల్లో ఒక్కో ఎస్సెమ్మెస్ పంపడానికి సెకనులో ఐదో వంతు పడుతుందనీ పెట్టుకుందాం. క్యూ అమెజాన్ వారి SQS. అందులో maxReceiveCount అనే అమరిక ఉంటుంది. దాన్ని 5 అని పెడితే, ఐదుసార్లు బయటికి తీసినా పూర్తికాని పనిని SQS డెడ్ లెటర్ క్యూ అనే పక్క క్యూలోకి తోసేస్తుంది. అక్కడికి చేరిన పనిని మనిషి వచ్చి చూడాల్సిందే, వర్కర్లు దాన్ని మళ్లీ ముట్టుకోవు.

గేట్‌వే ప్రతి అభ్యర్థనకీ వెంటనే 503 అని జవాబిస్తోంది, అంటే ‘ఇప్పుడు సేవ లేదు’ అని. వర్కర్ ఆ పనిని మొదటిసారి 10 సెకన్లు ఆగి, తర్వాత 20, 40, 80 సెకన్లు ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది. ఇవన్నీ కలిపితే 150 సెకన్లు. అంటే రెండున్నర నిమిషాల్లో ఒక చీటీకున్న ఐదు అవకాశాలూ అయిపోతాయి. గేట్‌వే లేచేది 40వ నిమిషంలో కాబట్టి, మొదటి 37 నిమిషాల్లో వచ్చిన చీటీలన్నీ, అంటే 11,000 పైచిలుకు, డెడ్ లెటర్ క్యూ పాలవుతాయి. వాటిలో ఒక్క దాంట్లోనూ తప్పు లేదు. నంబర్లు సరైనవే, టికెట్లు సరైనవే. అవతల వినేవాళ్లు లేని సమయంలో వాటిని ఐదేసి సార్లు వినిపించడమే జరిగిన నష్టం.

ప్రయత్నాల సంఖ్యను 5 నుంచి 50కి పెంచితే సరిపోదా అని చాలామందికి తోస్తుంది. పెంచితే, అప్పటికే కూలబడిన గేట్‌వే మీద ఇంకా ఎక్కువ అభ్యర్థనలు పడతాయి. నిజంగానే తప్పున్న చీటీలు కూడా 50 సార్లు తిరుగుతూనే ఉంటాయి. ఇక్కడ లోపం చీటీలో లేదు, అవతలి సర్వీసులో ఉంది. ఒక్కో చీటీని విడిగా చూసే లెక్కకి ఆ తేడా ఎప్పటికీ తెలియదు.

ఆ తేడా గుర్తుపట్టడానికే సర్క్యూట్ బ్రేకర్ అనే పద్ధతి ఉంది. పేరు మన ఇళ్లలోని ఎంసీబీ లాంటి వాటి నుంచే వచ్చింది. ఎక్కడో షార్ట్ అయితే అది టప్పున పడి కరెంటు ఆపేస్తుంది, వైరింగ్ కాలిపోకుండా చూస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఈ ఆలోచనకి ప్రచారం తెచ్చింది మైకేల్ నైగార్డ్ 2007లో రాసిన ‘రిలీజ్ ఇట్!’ పుస్తకం. 2012లో నెట్‌ఫ్లిక్స్ తన హిస్ట్రిక్స్ లైబ్రరీని అందరికీ విడుదల చేశాక ఇది ఇంకా విస్తరించింది. బ్రేకర్‌కి మూడు స్థితులు. అంతా బాగున్నప్పుడు క్లోజ్డ్, అభ్యర్థనలు మామూలుగా వెళ్తాయి. వైఫల్యాలు హద్దు దాటితే ఓపెన్, అప్పుడు ఏదీ వెళ్లదు. కొంతసేపయ్యాక హాఫ్ ఓపెన్, ఒక్క అభ్యర్థనని పరీక్షగా పంపి చూస్తుంది. అది సఫలమైతే మళ్లీ క్లోజ్డ్, విఫలమైతే మళ్లీ ఓపెన్. ఇంట్లో ఎంసీబీని మనం వెళ్లి ఎత్తాలి, దీన్ని ఎత్తడానికి ఎవరూ వెళ్లక్కర్లేదు.

ఇక్కడే ఒక గొయ్యి ఉంది, అనుభవం ఉన్న ప్రోగ్రామర్లు కూడా అందులో పడతారు. హిస్ట్రిక్స్ లాంటివి వెబ్ పేజీ ముందు మనిషి ఎదురుచూస్తున్న సందర్భాన్ని దృష్టిలో పెట్టుకుని పుట్టాయి. అక్కడ బ్రేకర్ ఓపెన్ అయితే వెంటనే ‘కుదరదు’ అని చెప్పెయ్యడమే మర్యాద, 30 సెకన్లు నిలబెట్టి చెప్పడం కంటే. అదే బ్రేకర్‌ని తెచ్చి వర్కర్‌లో ఎస్సెమ్మెస్ పంపే ఫంక్షన్ చుట్టూ పెడితే కథ తిరగబడుతుంది. వర్కర్ చీటీ తీస్తుంది, బ్రేకర్ ఒక్క మిల్లీసెకనులో ‘కుదరదు’ అంటుంది, చీటీ ఒక అవకాశం పోగొట్టుకుని వెనక్కి వెళ్తుంది, వర్కర్ ఇంకోటి తీస్తుంది. గేట్‌వేకి ఊపిరి ఆడింది, నిజమే. చీటీలు మాత్రం మునుపటిలాగే, కాదు, మునుపటి కంటే వేగంగా డెడ్ లెటర్ క్యూకి నడుస్తాయి.

క్యూ దగ్గర ఎదురుచూస్తున్న మనిషి లేడు. చీటీ ఇంకో అరగంట అక్కడే ఉండగలదు, క్యూ ఉన్నదే అందుకు. కాబట్టి వర్కర్‌లో బ్రేకర్ ఉండాల్సింది గేట్‌వేకి ముందు కాదు, క్యూకి ముందు. ఓపెన్‌లో ఉన్నంతసేపూ చీటీ తియ్యనే కూడదు. SQSలో ఇది మరీ ముఖ్యం. అక్కడ లెక్క పెరిగేది పని విఫలమైనప్పుడు కాదు, చీటీ బయటికి తీసినప్పుడే. తీసి, చూసి, మర్యాదగా తిరిగి పెట్టేసినా ఒక అవకాశం పోయినట్టే.

వర్కర్ లోపలి లూప్ సుమారుగా ఇలా ఉంటుంది:

```python
while True:
    if not breaker.allow():
        time.sleep(5)
        continue
    task = queue.receive()
    try:
        send(task)
        breaker.ok()
        queue.delete(task)
    except ServiceDown:
        breaker.fail()
        queue.put_back(task)
    except BadTask:
        breaker.ok()
        queue.set_aside(task)
```

`breaker.allow()` అనే ప్రశ్న `queue.receive()` కంటే ముందుంది. అసలు సంగతంతా ఆ వరసలోనే ఉంది. కోడ్ ప్రోగ్రామర్ కాని వాళ్లకి కూడా చూపించడానికి కారణం చివరి మూడు లైన్లు. పంపడం విఫలమైంది, అయినా బ్రేకర్‌కి `ok` అని చెబుతున్నాం! ఎందుకంటే గేట్‌వే 400 అని జవాబిచ్చిందనుకోండి, ‘ఈ ఫోన్ నంబరుకి తొమ్మిది అంకెలే ఉన్నాయి’ అని. చీటీ చెడ్డది, పక్కన పెట్టాలి. కానీ అలా చదివి, తప్పుపట్టి, జవాబిచ్చిందంటే గేట్‌వే నిక్షేపంగా ఉన్నట్టే. ఈ జవాబుల్ని కూడా వైఫల్యాల్లో కలిపితే, ఎవరో తప్పుడు నంబర్ల జాబితా ఒకటి ఎక్కించిన రోజున బ్రేకర్ అనవసరంగా పడి అందరి ఎస్సెమ్మెస్‌లూ ఆగిపోతాయి. బ్రేకర్ లెక్కలోకి రావాల్సినవి జవాబే రాకపోవడం, కనెక్షన్ కుదరకపోవడం, 500, 503 లాంటివి. 401 ఒక్కటే చిక్కు. మన పాస్‌వర్డో కీయో చెల్లదని దాని అర్థం. గేట్‌వే బతికే ఉంది, కానీ ప్రతి చీటీ తిరిగొస్తుంది. అప్పుడు క్యూని ఆపడమే మంచిది, కానీ దానంతటది బాగుపడదు కాబట్టి వెంటనే మనిషిని లేపాలి.

ఇప్పుడు అదే 40 నిమిషాలు మళ్లీ చూద్దాం. చివరి 20 ప్రయత్నాల్లో 10 విఫలమైతే ఓపెన్ కావాలని నియమం. నాలుగు వర్కర్లూ ఒకే బ్రేకర్‌ని చూసుకునేలా దాని స్థితిని రెడిస్‌లో పెట్టారు, లేకపోతే నాలుగూ విడివిడిగా దెబ్బతిని నేర్చుకోవాల్సి వస్తుంది. గేట్‌వే పడిన రెండు మూడు సెకన్లలో పది చీటీలు విఫలమై బ్రేకర్ ఓపెన్ అయింది. 30 సెకన్లయ్యాక ఒకే ఒక్క వర్కర్ ఒకే ఒక్క చీటీతో పరీక్షించింది, కుదరలేదు. తర్వాతి విరామం నిమిషం, ఆపైన రెండు, నాలుగు, అక్కడి నుంచి ఐదేసి నిమిషాలు. ఇలా పది పరీక్షలు విఫలమై, పదకొండోది 42వ నిమిషం దాటాక సఫలమైంది. విరామాలు పెంచుకుంటూ పోయినందుకు గేట్‌వే లేచిన సంగతి రెండున్నర నిమిషాలు ఆలస్యంగా తెలిసింది, అదొక్కటే ఖరీదు. పరీక్షకి వాడిన చీటీని పది నిమిషాల పాటు కనపడకుండా దాచి పెడితే ప్రతిసారీ అదే చీటీ బలికాదు. మొత్తం మీద ఇరవై చీటీలు ఒకటి రెండు అవకాశాలు పోగొట్టుకున్నాయి. డెడ్ లెటర్ క్యూకి ఒక్కటీ చేరలేదు.

క్యూలో 12,750 చీటీలు పేరుకున్నాయి. నాలుగు వర్కర్లు పూర్తి వేగంతో సెకనుకి 20 పంపగలవు, కొత్తగా 5 వస్తుంటాయి, అంటే సెకనుకి 15 చొప్పున తరుగుతూ 14 నిమిషాల్లో క్యూ ఖాళీ కావాలి. కానీ అప్పుడే లేచిన గేట్‌వే మీదికి అంతా ఒక్కసారి వదిలితే అది మళ్లీ పడుతుంది, బ్రేకర్ మళ్లీ ఓపెన్ అవుతుంది, ఈ ఊగిసలాట గంటలు సాగుతుంది. అందుకని మొదట ఒక వర్కర్‌ని, రెండు మూడు నిమిషాలు చూసి ఇంకోదాన్ని, ఆపైన మిగతావాటిని వదలడం మేలు. క్యూ ఖాళీ కావడానికి 20 నిమిషాలు దాటినా పరవాలేదు.

ఆగిన చీటీలన్నీ ఆలస్యంగా పంపదగ్గవి కావు. టికెట్ వివరాలు గంట ఆలస్యమైనా పనికొస్తాయి. లాగిన్ కోసం అడిగిన ఓటీపీ పది నిమిషాల తర్వాత వస్తే పనికిరాకపోవడమే కాదు, తన ఖాతాలోకి ఎవరో చొరబడుతున్నారని మనిషిని కంగారుపెడుతుంది. అందుకే చీటీ రాసేటప్పుడే ‘ఈ సమయం దాటితే పంపొద్దు’ అని గడువు రాసి, పంపే ముందు వర్కర్ దాన్ని చూసుకోవాలి. క్యూకి కూడా సొంత గడువు ఉంటుంది. SQS ప్రత్యేకంగా చెప్పకపోతే చీటీని 4 రోజులు ఉంచుతుంది, గరిష్ఠంగా 14 రోజులు. అదే క్యూలో ఈమెయిల్ పనులు కూడా ఉంటే ఎస్సెమ్మెస్ గేట్‌వే పడినందుకు అవీ ఆగిపోతాయి, కాబట్టి ఒక్కో బయటి సర్వీసుకి ఒక్కో క్యూ ఉండాలి.

బ్రేకర్ పెట్టాక పర్యవేక్షణ తెర కూడా మార్చుకోవాలి. ఓపెన్‌లో ఉన్నంతసేపూ వర్కర్లు ఏ ప్రయత్నమూ చెయ్యవు కాబట్టి తప్పుల గ్రాఫ్ సున్నాకి దిగిపోతుంది. చూసేవాళ్లకి అంతా ప్రశాంతంగా ఉన్నట్టే కనిపిస్తుంది. క్యూ పెరిగితే వర్కర్లని పెంచే ఆటోస్కేలింగ్ ఉంటే అది ఇంకా తప్పుదారి పడుతుంది, ఊరికే కూర్చునే వర్కర్లని పదులకొద్దీ తెచ్చిపెట్టి, గేట్‌వే లేవగానే అన్నిటినీ దాని మీదికి వదులుతుంది. బ్రేకర్ ఓపెన్‌లో ఉన్నప్పుడు ఆటోస్కేలింగ్ ఆగేలా చెయ్యాలి. అలారం తప్పుల సంఖ్య మీద కాకుండా బ్రేకర్ స్థితి మీదా, క్యూలో అన్నిటికంటే పాత చీటీ వయసు మీదా పెట్టాలి. SQS ఆ వయసుని ApproximateAgeOfOldestMessage పేరుతో సెకన్లలో చూపిస్తుంది. టికెట్ల క్యూకైతే అది 600 దాటగానే డ్యూటీలో ఉన్నవాళ్ల ఫోన్ మోగాలి.