కొట్టు మునిగితే అప్పు ఎవరి నెత్తిన?

వర్తూరులో కిరాణా కొట్టు పెట్టే మనవాళ్లు, ఒక్కరే పెట్టాలా, భాగస్థుణ్ణి కలుపుకోవాలా, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ చేయాలా అని అడుగుతుంటారు. ముందు అప్పు సంగతి చూడండి.

కొట్టు మూసేశాక హోల్‌సేల్ వాళ్లకి ఇంకా 3 లక్షలు బాకీ ఉందనుకోండి. ఒక్కరి పేరునే కొట్టుంటే, ప్రొప్రైటర్ అంటారు, ఆ బాకీ సొంత ఆస్తి అమ్మైనా కట్టాల్సిందే.

ఇద్దరు భాగస్థులైతే చెరి లక్షన్నర అనుకుంటాం. కానీ అప్పిచ్చినవాడు మొత్తం 3 లక్షలూ ఒక్కరి దగ్గరే వసూలు చేసుకోవచ్చు. కట్టినవాడు రెండోవాణ్ణి వాటా అడుక్కోవాలి. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే పెట్టుబడి ఎవరిదెంతైనా నష్టం సమానమే. అందుకే పత్రం రాసుకోండి, రిజిస్టర్ చేయించండి. రిజిస్టర్ కాని భాగస్వామ్యం తనకు రావాల్సిన ఖాతా బాకీలకు కోర్టులో దావా వేయలేదు.

కంపెనీ అయితే అప్పు కంపెనీదే. మీరు పెట్టిన వాటా సొమ్ము పోతుంది గానీ ఇల్లు జోలికి రారు. అయితే బ్యాంకు లోనుకి మీరు సొంత హామీ సంతకం పెడితే, ఆ అప్పు మళ్లీ మీ మీదకే వస్తుంది. పైగా అమ్మకం ఎంత తక్కువైనా ఏటా ఆడిట్ తప్పదు. వార్షిక ఫారం ఆలస్యమైతే ఒక్కోదానికి రోజుకి 100 రూపాయలు పడుతుంది.

అరువు సరుకు తక్కువ తెచ్చే చిన్న కొట్టుకి ప్రొప్రైటరే తేలిక.