ప్యాకేజీ యాత్రలో కలిసినవి, కలవనివి ముందే స్పష్టంగా రాయాలి

ఇల్లందు: ఇల్లందు నుంచి కొత్తగూడెం మీదుగా భద్రాచలం, పర్ణశాల, పాపికొండలు చూపించే ప్యాకేజీ యాత్రలలో తరచూ వివాదానికి దారితీసేది ధర కాదు, కరపత్రంలోని మాట. "వసతి, భోజనం, దర్శనం, బోటు విహారం సహా" అన్న ఒక్క వాక్యాన్ని నిర్వాహకుడు ఒక విధంగా, యాత్రికుడు మరొక విధంగా అర్థం చేసుకుంటున్నారు.

ఉదాహరణకు, రెండు రోజుల యాత్రకు మనిషికి రూ.2,500 చొప్పున నలుగురున్న కుటుంబం రూ.10,000 చెల్లించిందనుకుందాం. భోజనమంటే బోటులో పెట్టే ఒక్క పూటేనని దారిలో తెలిస్తే, మిగిలిన పూటలకు రూ.1,200 అవుతుంది. ప్రత్యేక దర్శనం టికెట్లకు మరో రూ.400, వాహనం పన్ను వాటాగా రూ.600 అడిగితే, మొత్తం రూ.2,200 అదనపు భారం పడుతుంది. లెక్కగా డబ్బు తెచ్చుకున్న కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు.

కాబట్టి ప్రతి అంశానికి సంఖ్య, పరిమితి రాయాలి. "భోజనం" అని వదిలివేయక, "మొదటి రోజు మధ్యాహ్నం, రాత్రి శాకాహార భోజనం, రెండో రోజు ఉదయం అల్పాహారం, మధ్యాహ్నం బోటులో భోజనం, మొత్తం నాలుగు పూటలు" అని పేర్కొనాలి. "దర్శనం" అన్నచోట "ఉచిత దర్శనానికి తీసుకువెళతాము, ప్రత్యేక దర్శనం, నిత్యకల్యాణం టికెట్లు యాత్రికులే కొనుక్కోవాలి" అని రాయాలి. "వసతి" అంటే గదికి ఎందరో, ఎన్ని గంటలకు ఖాళీ చేయాలో తెలపాలి.

ఈ మార్గానికి ప్రత్యేకమైన అంశాలు రెండు ఉన్నాయి. పాపికొండలు బోటు ఎక్కే పోచవరం 2014 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నది. అందువల్ల తెలంగాణ వాహనానికి అవసరమయ్యే పర్మిట్, పన్ను ఎవరు చెల్లిస్తారో రాయాలి. రెండవది, గోదావరికి వరద వస్తే బోట్లు నిలిపివేస్తారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద జరిగిన ప్రమాదం తరువాత విహారం చాలా కాలం ఆగిపోయింది. "బోటు రద్దయితే టికెట్ మొత్తం ఇన్ని రోజులలో వాపసు" అన్న వాక్యం లేకుంటే, ఆ సొమ్ము ఎవరిదన్నది వాదనగానే మిగులుతుంది.

"ఇతర ఖర్చులు అదనం" అన్న మాట ఉన్నచోట యాత్రికులు జాగ్రత్త వహించాలి. దాని కింద ఏదైనా చేర్చవచ్చు. దానికి బదులు "కలిసినవిగా పేర్కొనని ఖర్చులలో యాత్రికులు భరించవలసినవి ఇవి మాత్రమే" అని జాబితా ఇవ్వమని కోరాలి. రెండు జాబితాలలోనూ లేని అంశం కనబడితే, సొమ్ము చెల్లించక ముందే అడిగి రసీదుపై రాయించుకోవాలి.

కరపత్రం, రసీదు భద్రపరచుకోవాలి. రాసి ఇచ్చిన సేవ అందకుంటే, అది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవాలోపం కిందికి వస్తుంది. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు; జిల్లా వినియోగదారుల కమిషన్‌ను కూడా ఆశ్రయించవచ్చు.