ఒకే లోపానికి రెండు టాస్కులు

తెలుగు వికీపీడియాలో సాంకేతిక లోపం ఏదైనా బయటపడితే మొదట రచ్చబండలో చర్చ నడుస్తుంది. ఆ తర్వాత ఎవరో ఒకరు దాన్ని ఫ్యాబ్రికేటర్‌లో నమోదు చేస్తారు. వికీమీడియా ప్రాజెక్టుల లోపాలూ కోరికలూ అన్నీ నమోదయ్యే చోటు అది. ఒక్కో ఫిర్యాదును ఒక టాస్కు అంటారు, దానికో సంఖ్య ఉంటుంది. చిక్కల్లా ఏమిటంటే, ఒకే లోపాన్ని నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఒకరు ‘పీడీఎఫ్‌లో ఒత్తులు విడిపోతున్నాయి’ అని రాశారు. కొన్ని నెలలకు ఇంకొకరు ‘డౌన్‌లోడ్ చేసిన వ్యాసంలో అక్షరాలు చెదిరిపోతున్నాయి’ అన్నారు. రెండు శీర్షికల్లోనూ ఒక్క మాటైనా కలవదు కాబట్టి శీర్షికలో మాటలతో వెతికితే రెండోది దొరకదు. లోపం ఏ భాగంలో ఉందో ఆ ప్రాజెక్టు ట్యాగుతో వెతకాలి. మూసేసిన టాస్కులను కూడా వెతుకులాటలో కలుపుకోవాలి. డూప్లికేట్ అని ఎప్పుడో మూసిన పాత టాస్కులో మన మాటలే ఉండవచ్చు, అది మనల్ని అసలు టాస్కు దగ్గరికి పంపుతుంది. అందుకే డూప్లికేట్లను చెరిపేయకుండా ఉంచుతారు.

పోలిక కనబడగానే కలిపేయకూడదు. మూడో టాస్కు ఒకటి ఉందనుకోండి: ‘పీడీఎఫ్‌లో తెలుగు రావడం లేదు, అన్నీ గళ్లే’. చూడ్డానికి అదే గొడవ. కానీ గళ్లు కనిపిస్తే ఆ యంత్రంలో తెలుగు ఫాంటే లేదని అర్థం. ‘క్ష’ బదులు ‘క్’, ‘ష’ విడివిడిగా కనిపిస్తే ఫాంటు ఉన్నా అక్షరాలను కూర్చే పని జరగలేదన్నమాట. కారణాలు వేరు, మరమ్మతులూ వేరు. ఒక మరమ్మతుతో రెండూ తీరతాయా అన్నదే నా లెక్కలో అసలు పరీక్ష. తీరవంటే, మూడోదాని సంఖ్యను మొదటిదాని కామెంట్లో ప్రస్తావిస్తే చాలు.

ఇక మొదటి రెండిటిలో దేన్ని ఉంచాలి? పాతదాన్నే ఉంచాలని చాలామంది అనుకుంటారు. నేనైతే లోపాన్ని మళ్లీ రప్పించే దశలు వివరంగా ఉన్నదాన్ని, పని మొదలైనదాన్ని ఉంచుతాను. నిలబడే టాస్కు తెరిచి `Edit Related Tasks...` లో `Merge Duplicates In` ఎంచుకుని రెండోదాన్ని చూపిస్తే సరిపోతుంది. మూయాల్సిన టాస్కులోనే ఉంటే `Close As Duplicate` ఉంది.

అప్పుడు మూసిన టాస్కు రాసినవారు, దాని బాధ్యత తీసుకున్నవారు, దాన్ని అనుసరిస్తున్న సబ్‌స్క్రైబర్లు అందరూ నిలిచిన టాస్కుకు సబ్‌స్క్రైబర్లు అవుతారు. ఎవరికీ కబురు ఆగదు. కామెంట్లు మాత్రం పాత పేజీలోనే ఉంటాయి. అవి పోవు, కానీ కొత్తచోట కనబడవు. పాతదాన్లో ఒకరు ‘ఈ సమస్య ఫలానా ఫాంటుతోనే వస్తోంది’ అని కనిపెట్టి రాసి ఉంటే, మరమ్మతు చేసే వ్యక్తి ఆ పేజీ తెరవకపోవచ్చు. అందుకని కలిపినవారే ఆ ముక్కను, ఎవరు చెప్పారో పేరుతో సహా, నిలిచిన టాస్కులో రాయాలి. చాలామంది ఎగ్గొట్టే పని ఇదే.

ప్రాజెక్టు ట్యాగులూ, పేరెంట్ టాస్కు, సబ్‌టాస్కుల లంకెలూ వాటంతటవి రావు, చేత్తో పెట్టాలి. వీటికన్నా సులువుగా మరిచిపోయేది సమీక్షలో ఉన్న ప్యాచ్. గెరిట్‌లో కోడు మార్పు సందేశం చివర ఇలాంటి వరుస ఉంటుంది:

```
Bug: T<సంఖ్య>
```

ఆ వరుసలో ఏ సంఖ్య ఉంటే ఆ టాస్కులోనే బాట్ సమాచారం రాస్తుంది. మూసిన టాస్కు సంఖ్య అలాగే ఉండిపోతే, ప్యాచ్ విలీనమైన సంగతి మూతపడ్డ పేజీలో పడుతుంది. నిలిచిన టాస్కులో ఏ కదలికా కనిపించదు. ఆ సంఖ్య మార్చమని ప్యాచ్ రాసినవారికి చెప్పాలి.

పాత లంకెలు తెగకుండా చూడటంలో వికీమీడియా వాళ్లది మంచి అలవాటే. 2014 నవంబరులో బగ్‌జిల్లా నుంచి ఫ్యాబ్రికేటర్‌కు మారినప్పుడు ప్రతి పాత సంఖ్యకూ 2000 కలిపారు. అలా బగ్ 1 కాస్తా T2001 అయింది. ఏళ్ల నాటి చర్చలో బగ్ సంఖ్య కనిపించినా కూడిక చేసి అసలు పేజీకి వెళ్లవచ్చు.

భద్రతా లోపాల దగ్గర మాత్రం చేయి ఆపాలి. కొన్ని టాస్కులు అందరికీ కనబడవు, సబ్‌స్క్రైబర్లకు చూసే హక్కు ఇచ్చి ఉంటారు. బహిరంగ టాస్కును అలాంటి దాన్లో కలిపితే దాన్ని అనుసరిస్తున్న వాళ్లందరికీ ఆ గుట్టు తెరుచుకోవచ్చు. అక్కడ భద్రతా బృందాన్ని అడిగి చేయడమే మేలు.

పొరపాటున కలిపేస్తే మూసిన టాస్కును మళ్లీ తెరవవచ్చు. అయితే నిలిచినదాన్లో చేరిన సబ్‌స్క్రైబర్లు అలా తిరిగి తెరిచినంత మాత్రాన వెళ్లిపోరు. వాళ్లను ఒక్కొక్కరినీ తీసేయాలి, లేదా ఈ టాస్కుకూ వాళ్ల లోపానికీ సంబంధం లేదని అక్కడే ఒక కామెంట్ పెట్టాలి.