పాత నంబర్లే మళ్లీ వచ్చాయంటే మోసం జరిగినట్టేనా?

1995 జూన్ 21న జర్మనీ లాటరీలో తీసిన ఆరు నంబర్లు 15, 25, 27, 30, 42, 48. పాత రికార్డులు చూస్తే సరిగ్గా ఇవే ఆరూ 1986 డిసెంబరు 20న కూడా వచ్చినట్టు తేలింది. 1955లో మొదలైన ఆ లాటరీలో అలా జరగడం అదే మొదటిసారి.

మనవాళ్లకు తెలిసిన కేరళ లాటరీలాగా ముందే నంబరు అచ్చువేసిన టికెట్టు కొనే పద్ధతి కాదది. 1 నుంచి 49 వరకు ఉన్న నంబర్లలో ఆరింటిని ఆడేవాళ్లే ఎంచుకుంటారు. డ్రా రోజున 49 బంతులున్న డ్రమ్ములోంచి ఒక్కొక్కటిగా ఆరు బంతులు తీస్తారు. ఏది ముందు, ఏది వెనుక అన్నది లెక్కలోకి రాదు. ఇలా తీయగలిగిన ఆరేసి నంబర్ల జట్లు మొత్తం 1,39,83,816.

దాదాపు కోటీ నలభై లక్షల జట్లుంటే పాతదే మళ్లీ ఎలా వస్తుందన్న అనుమానం ఇక్కడే పుడుతుంది. నిజానికి ఆ పెద్ద సంఖ్య వేరే ప్రశ్నకు జవాబు. 1986 డిసెంబరు 20 నాటి జట్టే ఫలానా రోజున వస్తుందా అని ముందుగా అడిగితే, అవకాశం కోటీ నలభై లక్షల్లో ఒకటే. కానీ 1995లో అందరూ ఆశ్చర్యపోయింది అలా ముందే చెప్పి చూసినందుకు కాదు. ఇన్నేళ్ల డ్రాల్లో ఏవో రెండు కలిశాయని తెలిసినందుకు. ఏ రెండు కలిసినా వాళ్లు అంతే ఆశ్చర్యపోయేవాళ్లు.

కాబట్టి లెక్కపెట్టాల్సింది డ్రాలను కాదు, డ్రాల జంటలను. రెండో డ్రా దాని ముందున్న ఒక్క డ్రాతోనే కలవగలదు. మూడోది ముందున్న రెండింటిలో దేనితోనైనా కలవొచ్చు. 1995 నాటి డ్రా 3,016వది. అంటే దానికి ముందు 3,015 డ్రాలున్నాయి. ఒకటి, రెండు, మూడు అంటూ 3,015 దాకా కూడితే 45,46,620 జంటలు తేలతాయి. ఒక్కో జంట కలిసే అవకాశం కోటీ నలభై లక్షల్లో ఒకటే అయినా, జంటలు అందులో మూడోవంతు దాకా ఉన్నాయి. కచ్చితంగా గుణించి చూస్తే, అన్ని డ్రాల్లో కనీసం ఒక్కసారైనా నంబర్లు కలిసే అవకాశం నూటికి 28. ఆ లాటరీ 4,404 డ్రాలు దాటేసరికి అది సగం కంటే ఎక్కువవుతుంది. నన్నడిగితే, అన్ని డ్రాలు జరిగాక కూడా ఒక్కటీ కలవకపోతేనే అదృష్టం అనాలి.

అనుమానానికి చోటెక్కడో కూడా ఇదే లెక్క చెబుతుంది. అదే 3,016 డ్రాల్లో రెండు లేదా అంతకంటే ఎక్కువ జంటలు కలిసే అవకాశం నూటికి నాలుగు. మూడు లేదా ఎక్కువ కలిసే అవకాశం వెయ్యికి నాలుగైదు. అలాంటప్పుడు బంతులను తూచి, డ్రమ్మును పరీక్షించాల్సిందే.

వరుస డ్రాల సంగతి వేరు. 2009 సెప్టెంబరులో బల్గేరియాలో 4, 15, 23, 24, 35, 42 నాలుగు రోజుల తేడాతో రెండుసార్లు, వెంటవెంటనే జరిగిన డ్రాల్లో వచ్చాయి. పక్కపక్క జంటలను మాత్రమే లెక్కిస్తే 3,016 డ్రాల్లో ఉండేవి 3,015. జర్మనీ లెక్కన చూస్తే అలా జరిగే అవకాశం 4,600లో ఒకటి. అరుదే. కానీ ప్రపంచంలో దశాబ్దాలుగా నడుస్తున్న లాటరీలు ఎన్నో ఉన్నాయి. అన్నింటినీ కలిపి చూస్తే ఎక్కడో ఒకచోట ఇలా జరగడం అనుకోదగ్గదే. బల్గేరియా మంత్రి దర్యాప్తుకు ఆదేశించారు. మోసం జరిగినట్టు తేలలేదు.

అక్కడ రెండో డ్రాలో ఆరు నంబర్లూ సరిగ్గా పెట్టినవాళ్లు 18 మంది. చాలామంది దీన్నే మోసానికి రుజువుగా చూశారు. నాకది తిరగబడ్డ వాదనలా కనిపిస్తుంది. గత డ్రా నంబర్లనే మళ్లీ పెట్టే అలవాటు ఎంతోమందికి ఉంటుంది. 1977లో జర్మనీ డ్రాలో అంతకు వారం ముందు నెదర్లాండ్స్‌లో వచ్చిన నంబర్లే వచ్చాయి. వాటిని పెట్టి గెలిచినవాళ్లు 205 మంది! మొదటి బహుమతి పంచుకుంటే ఒక్కొక్కరికి దక్కింది 30,737 మార్కులు. డ్రమ్మును తన చేతుల్లోకి తీసుకోగలిగిన మోసగాడు, ఇంతమందితో పంచుకోవాల్సిన నంబర్లను ఎందుకు ఎంచుకుంటాడు?

నిజమైన మోసం 1980లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో, మూడంకెల లాటరీలో జరిగింది. 4, 6 తప్ప మిగతా బంతుల్లోకి సూదితో రంగు ఎక్కించి బరువు పెంచారు. దాంతో ఆ రెండంకెలతో అయ్యే ఎనిమిది నంబర్లలో ఏదో ఒకటి రావడం దాదాపు ఖాయమైంది. వచ్చింది 666. కుట్ర బయటపడడానికి దారి చూపింది మాత్రం పందేలే. ఆ ఎనిమిది నంబర్ల మీదే కొందరు పెద్దమొత్తాల్లో టికెట్లు కొన్నారు.