బూట్లు విప్పితే పక్క సీటు ఖాళీయా?

తెరమీద హీరోగారు రోజంతా బూట్లతో పరుగులు తీసి, నలుగురు రౌడీలను చితక్కొట్టి, ఇంటికొచ్చి బూట్లు విప్పుతారు. తెరకు వాసన లేదు గనక సరిపోయింది! అదే హాల్లో పక్క సీటు కుర్రాడు విప్పితే, ఇంటర్వెల్ దాకా కూర్చోవడం మన తరమా?

నిజానికి పాపం చెమటది కాదు. అప్పుడే పట్టిన చెమటకు వాసనే ఉండదు. బూటులో ఆ తడి ఆరక, నాని మెత్తబడ్డ చర్మంమీద బాక్టీరియా విందు చేసుకుంటుంది. అప్పుడు పుట్టే ఆమ్లాలదే ఆ పులిసిన కంపు.

ఓ గ్రూప్ డాన్సర్ సంగతే తీసుకుందాం. పొద్దున్న 7 గంటలకు తొడిగిన బూట్లు రాత్రి 7కి విప్పుతాడు. మర్నాడూ అవే బూట్లు, అవే నైలాన్ సాక్సులు. కంపు పోవాలని ఫంగస్‌ను చంపే స్ప్రే కొని నెల్లాళ్లు కొట్టాడనుకోండి. ఫలితం? సున్నా! ఎందుకంటే ఆ మందు ఫంగస్‌కే గాని బాక్టీరియాకు కాదు.

మరి ఏది ఏదో తెలిసేదెలా? కాలివేళ్ల సందుల్లో, ముఖ్యంగా చిటికెనవేలి పక్కన, చర్మం తెల్లగా నాని, పొట్టు లేచి దురద పెడితే అది ఫంగస్ అయ్యే అవకాశం ఎక్కువ. దానికి క్లోట్రిమజోల్, టెర్బినఫిన్ లాంటి మందులు పనిచేస్తాయి. దురద తగ్గిందని మధ్యలో మానేస్తే మళ్లీ వస్తుంది. స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు మాత్రం సొంతంగా రాయకండి, దురద అణిగినట్టే ఉండి ఫంగస్ పాకిపోతుంది. అలా కాక, మడమమీద, అరికాలి ముందుభాగంలో గుండుసూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలుండి కంపు గుప్పుమంటే అది బాక్టీరియా పని. చర్మం డాక్టరు పూతమందు రాస్తారు.

మన డాన్సర్ కాళ్లకు గుంటలే ఉన్నాయి. అతనికి డాక్టరు మందుతోపాటు కావలసింది పొడితనం. రెండు జతల బూట్లు పెట్టుకుని, ఒకరోజు వేసినవి మర్నాడు లోపలి అట్ట తీసి గాలికి ఆరబెట్టాలి. సెంటు స్ప్రే కంపును కప్పుతుందే తప్ప తడిని ఆర్పదు. వంటసోడా ఒక్కో బూటులో చెంచాడు చల్లి రాత్రంతా ఉంచి, పొద్దున్న దులిపేస్తే ఆమ్లాల వాసన కాస్త విరుగుతుంది. చెమట మరీ ధారకడితే అల్యూమినియం క్లోరైడ్ ద్రావకం ఉంది. పడుకునేముందు పూర్తిగా ఆరిన పాదాలకు రాసి, పొద్దున్న కడిగేయాలి. పగుళ్లున్నచోట రాస్తే భగ్గున మండుతుంది!

ఇక సాక్సులు. అచ్చం నైలాన్ చెమటను పెద్దగా పీల్చదు, తడి చర్మంమీదే నిలుస్తుంది. నూలు బాగా పీలుస్తుంది గాని త్వరగా ఆరదు. సన్నని ఉన్నివి, లేదా తడిని పైకి లాగేలా నేసిన ఆటల సాక్సులు నయం. అవి దొరక్కపోతే నూలువే రెండు జతలు పట్టుకెళ్లి, లంచ్ బ్రేక్‌లో పాదాలు తుడుచుకుని మార్చుకోవాలి. ఉతికేటప్పుడు తిరగేసి ఉతకాలి, కంపంతా ఉండేది లోపలివైపే మరి!